కేడర్ పార్టీ అంటే కార్యకర్తల పార్టీ కాదు

ప్రశ్న: సివిల్స్‌కి పొలిటికల్ సైన్స్ చదువుతున్నాను. కేడర్, మాస్, క్యాచ్-ఆల్ పార్టీల గురించి పుస్తకంలో ఒకటి ఉంటే టీవీ చర్చల్లో ఇంకొకటి వినిపిస్తోంది. లోపలి నిర్మాణంలో అసలు తేడా ఎక్కడుంది?

జవాబు: ‘కేడర్’ అన్న మాట దగ్గరే నేనూ బోల్తా పడ్డాను. చెన్నైలో ఎం.ఏ. చదివే రోజుల్లో, కేడర్ పార్టీకి ఉదాహరణగా కమ్యూనిస్టు పార్టీని రాసి సున్నా తెచ్చుకున్నాను. మన వాడుకలో కేడర్ అంటే జెండా మోసే క్రమశిక్షణగల కార్యకర్తలు. కానీ 1951లో ఈ విభజన చేసిన ఫ్రెంచి పండితుడు మారిస్ డ్యువెర్జే దృష్టిలో కేడర్ పార్టీ అంటే ఊరి పెద్దల పార్టీ: పలుకుబడి, డబ్బు, పరిచయాలు ఉన్న కొద్దిమంది కూడిక. మనం కేడర్ పార్టీ అంటున్నది ఆయన లెక్కలో మాస్ పార్టీకి దగ్గర.

ఇది నాకు పుస్తకంలో కంటే టీ నగర్‌లో బాగా అర్థమైంది. నేనుండే గది పానగల్ పార్కు దగ్గర. ఆ పార్కు పేరు కాళహస్తిలో పుట్టిన పానగల్ రాజా రామరాయణింగారిది. నగర్ పేరు పిట్టి త్యాగరాయ చెట్టిగారిది. ఇద్దరూ 1916లో మద్రాసులో పుట్టిన జస్టిస్ పార్టీ నాయకులు. తెలుగు జమీందార్లు, వర్తకులు, వకీళ్లు ఎందరో ఉన్న ఆ పార్టీ కేడర్ నమూనాకు చక్కటి ఉదాహరణ. 1920 ఎన్నికల నాటికి నాలుగు కోట్ల జనాభా ఉన్న రాష్ట్రంలో ఓటర్లు సుమారు 12 లక్షలే. అంత కొద్దిమందిని చేరడానికి ఊరూరా శాఖలు అక్కర్లేదు, తాలూకాకు ఒక పెద్దమనిషి చాలు. ఖర్చు ఆయనది, ఓట్లూ ఆయనవే. అందుకే ఆయనను అదుపు చేసే శక్తి పార్టీకి ఉండదు. 1923లో కట్టమంచి రామలింగారెడ్డిగారు అలాగే విడిపోయి పానగల్ రాజా మంత్రివర్గం మీద అవిశ్వాసం తెచ్చారు. అది 65–44తో వీగిపోయింది. కానీ తిరగబడినవారికి పార్టీ బయటా నిలబడే బలం ఉంది.

అదే కాలంలో కాంగ్రెస్ ఇంకో దారి పట్టింది. 1920 నాగపూర్ సభలో నియమావళి మార్చి నాలుగణాల సభ్యత్వం పెట్టింది. ఊరి నుంచి తాలూకా, జిల్లా, రాష్ట్ర సంఘాల మీదుగా వర్కింగ్ కమిటీ వరకు మెట్లు కట్టింది. నా ఉద్దేశంలో అసలు మలుపు ఈ నాలుగణాలే. రసీదు పుచ్చుకున్న సభ్యుడికి సంఘంలో ఓటు ఉంటుంది. చిన్న చందాలు పోగైతే పార్టీ ఏ ఒక్క పెద్దమనిషి జేబు మీదా బతకనక్కర్లేదు. డ్యువెర్జే గీసిన గీత ఇదే. జర్మనీ సోషల్ డెమోక్రాట్ల మాదిరి కార్మికవర్గ పార్టీ కాదు గనుక కాంగ్రెస్ ఆ నమూనాకు పూర్తిగా సరిపోదు. భూస్వాములూ అందులో ఉన్నారు. కానీ నిర్మాణం మాత్రం మాస్ పార్టీదే.

ఓటుహక్కు విస్తరించాక 1937లో ఈ రెండూ ఢీకొన్నాయి. బొబ్బిలిలో, అదీ తన సొంత గడ్డ మీద, అప్పటిదాకా జస్టిస్ పార్టీ ప్రభుత్వం నడిపిన బొబ్బిలి రాజా కార్మిక నాయకుడు వి.వి. గిరిగారి చేతిలో ఓడిపోయారు. శాసనసభలో 215 స్థానాలకు కాంగ్రెస్‌కు 159 వచ్చాయి. గిరిగారు రాజాజీ మంత్రివర్గంలో చేరారు. 1939లో యుద్ధం విషయమై వర్కింగ్ కమిటీ చెప్పడంతో మంత్రివర్గం మొత్తం రాజీనామా చేసింది. కేడర్ పార్టీలో శాసనసభ్యులే పార్టీ. మాస్ పార్టీలో సభ బయటి సంఘం మాట సభ లోపలివారి మీద చెల్లుతుంది. పరీక్షలో 1923 తిరుగుబాటునూ 1939 రాజీనామానూ పక్కపక్కన పెట్టి రాయండి.

అందరి ఓట్లకూ వల వేసే పార్టీకి క్యాచ్-ఆల్ అన్న పేరు 1966లో రాజనీతి పండితుడు ఓటో కిర్‌హైమర్ పెట్టాడు. ఉదాహరణకు జర్మన్ సోషల్ డెమోక్రాట్లు 1959లో బాడ్ గోడెస్‌బెర్గ్ సభలో మార్క్సిజాన్ని పక్కనపెట్టి, కార్మికులతో పాటు అందరి ఓట్లకూ తలుపు తెరిచారు. సభ్యులు తగ్గడమే దీని లక్షణం అనుకుంటారు చాలామంది. అది తప్పు. 1970లలో ఆ పార్టీ సభ్యులు పది లక్షలు దాటారు. తగ్గేది సభ్యుడి అవసరం. ప్రచారం టీవీ చేస్తుంది, నిధులు ప్రభుత్వం నుంచీ తమ ప్రయోజనాల కోసం పనిచేసే సంఘాల నుంచీ వస్తాయి, నాయకుడు నేరుగా ఓటరుతో మాట్లాడతాడు. మధ్యలో శాఖకు పని ఉండదు.

కొన్నేళ్ల కిందట చెన్నైలో ఒక పార్టీకి నేను మిస్డ్ కాల్ ఇచ్చి సభ్యుణ్ణయ్యాను. ఒక సంఖ్య మెసేజ్‌గా వచ్చింది. చందా అడగలేదు, వార్డు సమావేశానికి పిలవలేదు. అభ్యర్థి ఎవరో మిగతా ఓటర్లతో పాటే పేపర్లో చదివాను. అందుకే ఏ పార్టీ గురించైనా నేను సభ్యుల సంఖ్య చూడను. టికెట్ ఖరారయ్యే గదిలో శాఖ కార్యదర్శికి కుర్చీ ఉందా, సభ్యత్వ చందాతో కనీసం జిల్లా ఆఫీసు అద్దె అయినా వెళ్తుందా అని అడుగుతాను.