ఖర్చుపై పన్ను వేస్తే పెట్టుబడి పెరుగుతుందా?

ప్రశ్న: జీతంపై కాకుండా ఖర్చుపైనే పన్ను వేస్తే జనం ఎక్కువ పెట్టుబడి పెడతారంటారు. ఎలా?

కిటుకంతా వడ్డీ దగ్గరే ఉంది. బెంగళూరులో మారతహళ్లి ఆఫీసులో పనిచేసే రమ్య, కిరణ్ చెరో లక్ష సంపాదించారనుకోండి. పన్ను 20 శాతం. ఆదాయపు పన్ను అయితే ఇద్దరికీ చేతికొచ్చేది 80,000. కిరణ్ వెంటనే ఖర్చు పెట్టేస్తాడు, అక్కడితో సరి. రమ్య 10 శాతం వడ్డీకి ఏడాది ఎఫ్‌డీ వేస్తే 8,000 వస్తుంది, అందులోనూ 1,600 పన్నుకు పోతుంది. ఆగినందుకు ఆమెకు దక్కింది 8 శాతమే.

ఇప్పుడు జీతంపై పన్ను తీసేసి, ఖర్చుపెట్టే ప్రతి వందలో 20 తీసుకుందాం. కిరణ్‌కు అదే 80,000 సరుకు వస్తుంది. రమ్య దాచిన లక్ష 1,10,000 అవుతుంది. అది ఖర్చుపెట్టినప్పుడు 22,000 పోయినా 88,000 సరుకు వస్తుంది. అంటే పూర్తి 10 శాతం. పీపీఎఫ్ వడ్డీపై పన్ను లేకపోవడంలో ఉన్న ఆలోచన కూడా ఇదే.

అయితే పొదుపు తప్పకుండా పెరుగుతుందని నేను నమ్మను. పిల్లల చదువుకి ఇంత కావాలని లెక్కేసుకునేవాళ్లు, రాబడి పెరిగితే తక్కువే దాచవచ్చు. పైగా జీతమంతా అద్దెకీ సరుకులకీ అయిపోయేవాళ్లకు దాచే వీలే ఉండదు. వాళ్ల ఆదాయమంతా పన్ను కిందికి వస్తుంది. అందుకే నిత్యావసరాలకు మినహాయింపు లేకుండా ఈ పన్ను వేయడం అన్యాయం.