తామర ముగ్గుకు రంగులు: పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మలుకి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ వాకిలి సిమెంటుదనీ, పండక్కి తామర ముగ్గు వేసి రంగులు నింపాలని ఉందనీ రాశావు. రంగులు కొనేముందు నేలను చూసుకో. కళ్లాపి చల్లిన మట్టినేల ముదురుగా ఉంటుంది కాబట్టి దానిమీద ఉత్త తెల్లముగ్గు కూడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. సిమెంటుది బూడిదరంగు. తెలుపు దానిమీద సగమే తేలుతుంది, లేతరంగులైతే అందులోనే కలిసిపోతాయి. అందుకని ముగ్గు పడేంతమేరా చిక్కటి పేడనీళ్లతో అలికేసెయ్. పేడ దొరక్కపోతే జాజు కలిపి పూయి. జాజు పూస్తే మాత్రం అంచుల్లో ఎరుపు, కాషాయం వాడకు, నేలలో కలిసిపోతాయి.

అలికాక తొందరపడకు. కాస్త చెమ్మ ఉంటే తెల్లముగ్గు నేలకు బాగా అంటుకుంటుంది కానీ, రంగు ఆ తడిని పీల్చి ముదురుబారుతుంది, మచ్చలు కడుతుంది. గీతలు చెమ్మ మీద వేసుకో. రంగు నింపేది మాత్రం అరచెయ్యి ఆనిస్తే తడి అంటనప్పుడే.

పొట్లంలోని రంగును ఉన్నదున్నట్టు వేస్తే ఒకచోట ముద్దగా, ఒకచోట పలచగా పడుతుంది. గ్లాసు రంగుకు రెండు గ్లాసులు ఎండబెట్టి జల్లించిన సన్న ఇసుక కలుపు. కొన్ని పొట్లాల్లో ముందే కలిపి అమ్ముతారు, చిటికెడు తెల్లకాగితం మీద పోసి చూస్తే తెలిసిపోతుంది. ఉప్పు కలపమని చాలామంది చెబుతారు. ఇంట్లో వేసే ముగ్గుకు అది బాగానే ఉంటుంది కానీ సంక్రాంతి మంచులో వాకిట్లో వద్దు. ఉప్పు చెమ్మ లాగి కరిగి, రంగు గీత దాటి పాకుతుంది. ముగ్గుపిండి కలిపితే రంగు పాలిపోతుంది కాబట్టి లేతరంగు కావాలనుకున్నచోటే అది కలుపుకో.

ఇక పొంతన సంగతి. ఏ రంగు పక్కన ఏ రంగు అని కాకుండా, ముదురు పక్కన లేత పడిందా లేదా అని చూడు. ఎరుపు, ముదురాకుపచ్చ, నీలం మూడూ ముదురే. పొట్లాల్లో ఎంత వేరుగా కనబడినా, పక్కపక్కన నింపితే గేటు దగ్గర్నుంచి ఒకే నల్లటి మచ్చలా ఉంటాయి.

నీ తామరనే తీసుకుందాం. ఐదడుగుల వెడల్పు, లోపల ఎనిమిది రేకులు, వాటి సందుల్లోంచి తొంగిచూసే ఎనిమిది ఆకులు. నడిమి బొడ్డుకు పసుపు. రేకు మొదట్లో మూడోవంతు రాణీరంగు పోసి, కొసన మూడోవంతుకు అదే రంగులో ముగ్గుపిండి సమంగా కలిపి పోయి. మధ్యలో మిగిలిన చోట రెండూ టీ జల్లెడతో పలచగా రాల్చి, వేలికొసతో మెల్లగా కలుపు. ఆకు మొదట్లో ముదురాకుపచ్చ, కొసకు చిలకపచ్చ. ఇప్పుడు పసుపు బొడ్డును ముదురు గులాబీ, లేత గులాబీ కొసను ముదురు పచ్చ ఆనుకుని ఉంటాయి. ఎక్కడ చూసినా లేత పక్కన ముదురే. నాలుగో రంగు అక్కర్లేదు. నీలం మీద మనసుంటే, వంతు నీలానికి రెండు వంతుల ముగ్గుపిండి కలిపి ఆకాశనీలం చేసి బయట చుక్కలుగా పెట్టు. ఉత్త నీలం పేడ అలికిన నేలలో మునిగిపోతుంది. ఆకుల బయట నేలను ఖాళీగా వదిలెయ్, ఆ ముదురే పువ్వును పైకి ఎత్తి చూపిస్తుంది.

పొర పలచగా ఉంటే చదరపు అడుగుకు వంద గ్రాముల మిశ్రమం దాకా పడుతుంది. ఇంత పువ్వుకు అన్నీ కలిపి కిలోన్నర దగ్గర పెట్టుకో. రంగులన్నీ నిండాక తెల్లగీతను మళ్లీ దిద్దు, అర వేలు మందాన. ముందు గీసిన గీత నింపేటప్పుడు ఎలాగూ చెదురుతుంది. రెండు రంగులు ఒకదానిమీదికి ఒకటి ఎక్కకుండా ఆపేది ఆ తెలుపే.

ఛాయలు ముందురోజు పగటి వెలుగులోనే కలిపి పెట్టుకో. తెల్లవారుజాము మసకలో ఎరుపు నల్లగా కనబడుతుంది, పసుపుపచ్చటి వీధిదీపం కింద నీలం తెలియదు. ఆ వెలుతుర్లో చూసి సరిపోలేదనుకుని ఇంకాస్త రంగు పోస్తే తెల్లారాక ముద్దలా తేలుతుంది. వేశాక గేటు దగ్గర నిలబడి కళ్లు సగం మూసి చూడు. ఏ రేకైనా పక్కదానిలో కలిసిపోతుంటే దానిమీద ఇంకా రంగు పోయకు, మధ్యలో చిటికెడు తెలుపు రాల్చు. గీత దాటిన రంగును తడిగుడ్డతో తుడవకు, మరక పడుతుంది. అట్టముక్కతో ఎత్తెయ్.

బొడ్డులోకి వంటింటి పసుపు వాడాలనుకుంటే, అది ఎండకు సాయంత్రానికల్లా వెలిసిపోతుంది, సున్నం తగిలితే ఎర్రబడుతుంది. పైగా నడిమిన గొబ్బెమ్మను పెట్టి గుమ్మడిపువ్వు గుచ్చేటట్టయితే బొడ్డుకు పసుపురంగే వద్దు, పువ్వు అందులో కలిసిపోతుంది. అప్పుడు బొడ్డంతా తెలుపు నింపి, గొబ్బెమ్మ కూర్చునేంత చోటు ఖాళీగా వదులు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ