విజయవాడ ల్యాండ్‌లైన్ సెల్ నంబరులా కనిపించినప్పుడు

ప్రశ్న: నాన్నగారి ఫోనుకు 8తో మొదలయ్యే తెలియని నంబరు నుంచి రోజూ మిస్డ్ కాల్ వస్తోంది. గూగుల్‌లో వెతికినా పనికొచ్చేది ఏదీ దొరకలేదు. ఎలా వెతకాలి?

జవాబు: ముందు అది సెల్ నంబరో కాదో చూడండి. మా అమ్మకు కంటి ఆపరేషన్ అయిన వారంలో ఇలాగే మూడుసార్లు కాల్ వచ్చింది. నేను సెల్ నంబరే అనుకుని ఒక సాయంత్రమంతా వృథా చేశాను. ఫోను తెరమీద +91 తర్వాత ఎస్టీడీ కోడు ముందుండే సున్నా కనిపించదు. అందువల్ల విజయవాడ 0866 కాస్తా 866 అవుతుంది, దాని వెనుక ఏడంకెలు కలిసి అచ్చం పదంకెల సెల్ నంబరులా ఉంటుంది. గుంటూరు 0863, వరంగల్ 0870, విశాఖ 0891 నంబర్లదీ ఇదే సంగతి. హైదరాబాదు 40తో మొదలవుతుంది కాబట్టి అక్కడ ఈ తికమక లేదు.

బోర్డుల మీద, బిల్లుల మీద ఆ నంబరును ఎవరూ పదంకెలు కలిపి రాయరు, కోడు వేరుగా రాస్తారు. గూగుల్ హైఫన్‌ను దాదాపు ఖాళీలాగే చూస్తుంది కాబట్టి గీత పెట్టారా లేదా అన్నది పెద్ద విషయం కాదు. అంకెలను ఎక్కడ విడగొట్టారన్నదే ముఖ్యం. అసలు నంబరు రాయకుండా, కొన్ని అంకెల చోట అక్షరాలు పెట్టి చూపిస్తున్నాను:

```
"8662abcde7"
"0866 2abcde7"
"0866 2ab cde7"
"2abcde7" Vijayawada
```

కొటేషన్ గుర్తులు తప్పనిసరి. అవి లేకుండా `0866 -2abcde7` అని అతికిస్తే, ఖాళీ తర్వాత వచ్చిన గీతను గూగుల్ 'ఇది ఉన్న పేజీలు వద్దు' అని అర్థం చేసుకుంటుంది. అంటే మీకు కావలసినదాన్నే మీరు తీసేయమన్నట్టు.

ఈ నాలుగింటితోనూ నాకు ఏమీ దొరకలేదు. అప్పుడు అమ్మ మందుల చీటీ చేతిలోకి తీసుకుని చూస్తే, దాని అడుగున ఒక మందుల దుకాణం నంబర్లు వరుసగా ఉన్నాయి: మొదటిది పూర్తిగా, మిగతావి గీత పెట్టి చివరి అంకె మాత్రమే. నాలుగైదు లైన్లు ఉన్న చోట అందరూ అలాగే రాస్తారు. బయటికి కాల్ చేసినప్పుడు ఆ లైన్లలో ఏది ఖాళీగా ఉంటే దాని నంబరు మన ఫోనులో పడుతుంది. కానీ పూర్తిగా అచ్చయ్యేది మొదటి నంబరే. అందుకని చివరి 7 స్థానంలో 6, 5, 4 పెట్టి వెతికాను. 5 దగ్గర ఒక బీమా సంస్థ ఆసుపత్రుల జాబితా పీడీఎఫ్ దొరికింది. అందులో `0866-2abcde5/6/7` అని, పక్కన అమ్మకు ఆపరేషన్ చేసిన ఆసుపత్రి పేరు ఉన్నాయి.

అయినా వచ్చిన నంబరుకు తిరిగి చేయలేదు. తెరమీద కనిపించే నంబరును మోసగాళ్లు మార్చి చూపించగలరు. డిశ్చార్జి కాగితం మీదున్న నంబరుకు చేసి అడిగాను. రెండో కంటి ఆపరేషన్ తేదీ మారిందని చెప్పడానికే వాళ్లు చేశారట. మీరూ ఈ పని మాత్రం మానవద్దు. వెబ్‌లో ఒక సంస్థ పేరు పక్కన నంబరు కనిపించడం రుజువు కాదు. మోసగాళ్లు పెద్ద కంపెనీల కస్టమర్ కేర్ పేరుతో తమ సెల్ నంబర్లను జాబితాల్లో ఎక్కిస్తున్నారు. సంస్థ సొంత వెబ్‌సైటులోనో, మీ బిల్లు మీదో ఉన్న నంబరునే నమ్మండి.

నిజంగా సెల్ నంబరే అయితే కలిపి ఒకసారి, ఐదు ఐదుగా విడగొట్టి ఒకసారి వెతకండి. ఫిర్యాదులు రాసేవాళ్లలో ఎక్కువమంది ఈ రెండు పద్ధతుల్లోనే రాస్తారు. 'ఎవరు కాల్ చేశారు' అనే రకం పేజీలు చాలావరకు యంత్రం తయారుచేసినవే. అనుమానం వస్తే పేజీ చిరునామాలో చివరి అంకె మార్చి చూడండి. వేరే నంబరుకూ అవే వాక్యాలు వస్తే అక్కడ మనుషులు రాసింది ఏమీ లేదన్నమాట. మనుషులు రాసిన ఫిర్యాదు దొరికితే ముందు దాని తేదీ చూడండి. రద్దయిన సెల్ నంబరును 90 రోజులు గడిచాక మరొకరికి ఇవ్వవచ్చు. మూడేళ్ల కిందటి తిట్లు ఇప్పుడు ఆ నంబరు వాడుతున్న మనిషివి కాకపోవచ్చు.

కాల్ మోసమని తేలితే sancharsaathi.gov.in లోని చక్షు విభాగంలో చెప్పండి. డబ్బు పోయి ఉంటే మాత్రం ఈ వెతుకులాటంతా పక్కన పెట్టి, వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి.