గొడవల రిజిస్టర్ చూసి డ్యూటీలు వేయడం ఎలా?

మా స్కూల్లో గొడవల రిజిస్టర్ ఉంది. దాన్ని బట్టి టీచర్ల డ్యూటీ ఎక్కడ వేయాలో తెలుస్తుందా?

తెలుస్తుంది, ప్రతి ఘటన పక్కన చోటు, టైమ్ రాసి ఉంటే. పెద్దవాళ్ల కన్ను పడని కొద్ది నిమిషాల్లోనే చాలా గొడవలు జరుగుతాయి కాబట్టి ఈ రెండూ కలిపి లెక్కపెట్టాలి.

హనుమకొండలో ఒక హైస్కూల్ అనుకుందాం. ఒక టర్మ్‌లో గ్రౌండ్‌లో 14 ఘటనలు, టాయిలెట్ల దగ్గర 6. కానీ గ్రౌండ్‌వి రోజంతా చెదిరి ఉన్నాయి. టాయిలెట్లవి మాత్రం ఆరింటిలో ఐదు మధ్యాహ్న భోజనం అయ్యాక, 1:10 నుంచి 1:25 లోపే. ముందు ఆ పావుగంట ఒక టీచర్‌ను టాయిలెట్ల బయట, చేతులు కడిగే నల్లాల దగ్గర నిలబెట్టాలి.

రిజిస్టర్‌లో బస్సు ఊసే లేకపోతే అక్కడ అంతా బాగుందని చాలామంది అనుకుంటారు. చూసేవాళ్లు లేకపోతే రాసేవాళ్లూ ఉండరు కదా. చిన్న తరగతుల పిల్లలను, బస్సులో వచ్చే ఆయమ్మను విడివిడిగా అడగండి.