అమ్మ మందుల డబ్బా నింపే ముందు

చి. శైలజకి పెద్దమ్మ ఆశీస్సులు.

అమ్మని హైదరాబాదు తెచ్చేసుకున్నానని, ఇక నుంచి వారానికి సరిపడా మందులు నువ్వే డబ్బాలో నింపి పెడతానని చెప్పావు. విని నా కడుపు నిండిపోయింది. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. నువ్వు పంపిన కాగితం ఫొటోని పెద్దది చేసుకుని మూడుసార్లు చదివాను. చక్కగా రాశావు. కానీ దేన్ని చూసి రాశావని అడిగితే, "అమ్మ చెప్పింది, రాసుకున్నాను" అన్నావు చూడు, అక్కడే నాకు గుండెల్లో రాయి పడింది. మా చెల్లెలు మందుల్ని రంగుతో గుర్తుపెట్టుకుంటుంది. తెల్లది పొద్దున, గులాబీది రాత్రి అంటుంది. కంపెనీ మారితే రంగు మారిపోతుంది కదమ్మా!

డాక్టరు ఆఖరిసారి రాసిన చీటీ ఒక పక్కన, స్ట్రిప్పులన్నీ ఒక పక్కన పెట్టుకుని కూర్చో. స్ట్రిప్పు మీద పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు. నువ్వు చూడాల్సింది చిన్న అక్షరాల్లో, ఒక్కో మాత్రలో ఏముందో రాసిన వరస. అసలు మందు పేరు, ఎంత మోతాదు అన్నవి అక్కడ ఉంటాయి. ఎన్ని గంటలకు వేసుకోవాలో స్ట్రిప్పు మీద వెతకకు, చాలావాటి మీద డాక్టరు చెప్పినట్టు వాడమనే ఉంటుంది. ఆ వేళలు చీటీలోంచి రావాలి. పేర్లు వేరైన రెండు స్ట్రిప్పుల్లో ఒకే మందు కనిపించిందంటే, డాక్టరుని అడగకుండా రెండూ డబ్బాలో వెయ్యకు.

ఇంతగా ఎందుకు చెబుతున్నానో నీకు తెలియాలి. మీ అమ్మకి కూడా ఇన్నాళ్లూ చెప్పని సంగతి ఇది.

మీ అమ్మమ్మకి షుగరు మాత్రలు రెండు ఉండేవి. పొద్దున టిఫిన్‌కి ముందు ఒకటి, రాత్రి అన్నం తిన్నాక ఒకటి. రెండూ ఒకే కంపెనీవి, పేరు కూడా ఒకటే, చివరి అక్షరాలే తేడా. నా లెక్కలో రెండూ షుగరు మాత్రలే. ఒకరోజు పెళ్లికి వెళ్లే హడావుడిలో పొద్దుటి మాత్ర వెయ్యడం మర్చిపోయాను. రాత్రి ఇంటికి వచ్చి డబ్బా తెరిస్తే ఆ గడిలో మాత్ర అలాగే ఉంది. ఒక పూట మందు పోయిందే, పెళ్లి భోజనం కూడా చేసింది, షుగరు పెరిగిపోతుందేమోనని నా టెన్షన్. రెండూ కలిపి ఇచ్చేశాను. అలసిపోయి ఉందేమో, అమ్మ ఆ పూట అరగ్లాసు మజ్జిగ తాగి పడుకుంది.

రాత్రి రెండు గంటలకి ఏదో గొణుగుడు వినిపించి లేచాను. జాకెట్టు చెమటతో తడిసి వీపుకి అతుక్కుపోయింది. చేతులు వణుకుతున్నాయి. నన్ను చూసి, ఎప్పుడో పోయిన మా మేనత్త పేరు పెట్టి పిలిచింది. పెద్దతనం కదా, నిద్రలో కలవరిస్తోందనుకున్నాను. తల్లీ, అలా అనుకుని దాదాపు పది నిమిషాలు విసనకర్రతో విసురుతూ కూర్చున్నాను. తర్వాత ఎందుకో గ్లూకోమీటర్ గుర్తొచ్చి చూస్తే 48 ఉంది. 70 కంటే తగ్గితేనే ప్రమాదం. ఇంకా మింగగలుగుతోంది కాబట్టి మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాను. స్పృహ లేనివాళ్ల నోట్లో మాత్రం ఏదీ పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పావుగంటకి 81కి వచ్చింది. గండం గడిచిందనుకున్నాను. గంటన్నర తిరిగేసరికి మళ్లీ 56. అప్పుడు ఆసుపత్రికి పరిగెత్తాం. మర్నాడు సాయంత్రం దాకా గ్లూకోజు ఎక్కుతూనే ఉంది.

అక్కడి డ్యూటీ డాక్టరు స్ట్రిప్పులు రెండూ నా చేతికిచ్చి చదవమన్నాడు. రాత్రి మాత్రలో ఉన్నది మెట్‌ఫార్మిన్ ఒక్కటే. పొద్దుటి మాత్రలో మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమెపిరైడ్ 2 మిల్లీగ్రాములు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే మామూలుగా షుగరుని అంత కిందికి దించదు. గ్లిమెపిరైడ్ అలా కాదు, తిన్నా తినకపోయినా ఒంట్లో ఇన్సులిన్‌ని బయటికి తోస్తూనే ఉంటుంది. దాని పని రోజంతా సాగుతుంది, అందుకే ఒకసారి పంచదారతో లేచిన షుగరు మళ్లీ పడిపోయింది. ఆ పేరు పొద్దుటి స్ట్రిప్పు మీద మొదటినుంచీ ఉంది. ఎనిమిది నెలలు ఆ స్ట్రిప్పుని చేత్తో పట్టుకుని ఒక్కరోజు కూడా చదవలేదు నేను.

మీ అమ్మ కాగితంలో కూడా పొద్దున గ్లిమెపిరైడ్ ఉన్న మాత్ర ఉంది, అందుకే చూడగానే ఒళ్లు జలదరించింది. టిఫిన్ ప్లేటు ముందు పెట్టాకే ఆ మాత్ర చేతికివ్వు. ఉపవాసం ఉన్నా, వాంతులవుతున్నా ముందు డాక్టరుకి ఫోన్ చెయ్యి. మీ అమ్మ ఏకాదశి మానదు, నాకు తెలుసు.

ఇక నువ్వు రాసిన వేళల్లో ఒకటి మార్చాలి. థైరాయిడ్ మాత్ర ఆరింటికి, కాల్షియం ఎనిమిదింటికి టిఫిన్‌తో అని రాశావు. కాల్షియం గానీ ఐరన్ గానీ థైరాయిడ్ మందుని కడుపులోనే పట్టేస్తాయి, ఒంటికి అందనివ్వవు. రెంటికీ మధ్య నాలుగు గంటలు ఉండాలి. అంటే కాల్షియం పది దాటాకే. మధ్యాహ్నం భోజనం కాగానే ఇస్తే గుర్తు కూడా ఉంటుంది, డాక్టరుని ఒక మాట అడిగి అలా మార్చు. ఈ గ్యాప్ పాటించకపోతే ఆ రోజుకి ఏమీ తెలియదు. రెండు మూడు నెలలకి టీఎస్‌హెచ్ పెరిగిందంటారు, మోతాదు పెంచుతారు, తప్పు మాత్రం అలాగే ఉండిపోతుంది. కాఫీ కూడా ఆరున్నర, ఏడు దాకా ఆగాలి. ఈ విషయంలో మీ అమ్మ నీతో గొడవ పడుతుంది. పడనీ. ఇంకొకటి, థైరాయిడ్ సీసా మీద 50 అని ఉన్నది మైక్రోగ్రాములు, చీటీతో పోల్చేటప్పుడు మిల్లీగ్రాములనుకోకు.

మర్చిపోయిన మాత్ర సంగతికి వస్తే, దేనికీ రెండు కలిపి ఇవ్వకు. థైరాయిడ్ మాత్ర ఒక రోజు తప్పితే కొంప మునగదు, అది ఒంట్లో రోజుల తరబడి నిలిచే మందు. మర్నాడు ఎప్పటిలాగే ఒక్కటే ఇవ్వు. రోజుకొకసారి వేసే బీపీ మాత్ర ఆ రోజే గుర్తొస్తే ఇవ్వొచ్చు, మర్నాటి వేళ దగ్గరపడితే వదిలెయ్యి. పొద్దుటి షుగరు మాత్ర తప్పిందని రాత్రి గుర్తొస్తే మాత్రం వదిలెయ్యాలి. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు, ఒక్కో మందు పేరు చెప్పి "ఇది తప్పితే ఏం చెయ్యాలి?" అని అడిగి, జవాబు నీ కాగితంలో ఆ మందు పక్కనే రాసుకో. వేశానో లేదో గుర్తురాకపోతే గడి చూడు, ఖాళీగా ఉంటే వేసినట్టే. అందుకే డబ్బా నింపేటప్పుడు టీవీ కట్టెయ్యి.

ఎస్.ఆర్. అని ఉన్న మాత్రల్ని మింగలేకపోతోందని విరిచి, నలిపి ఇవ్వకు. రోజంతా కొంచెం కొంచెంగా కరగాల్సిన మందు ఒక్కసారిగా దిగిపోతుంది. మెట్‌ఫార్మిన్ ఎస్.ఆర్. పొట్టు ఒక్కోసారి విరోచనంలో కనబడుతుంది. మందు పనిచెయ్యలేదేమోనని ఇంకొకటి వేసేవు! లోపల మందు దిగిపోయాక మిగిలిన డొల్ల అది.

మెడికల్ షాపులో స్ట్రిప్పు కత్తిరించి నాలుగు మాత్రలిస్తే తీసుకోకు, పేరూ గడువు తేదీ అవతలి ముక్కలో ఉండిపోతాయి.

ఆదివారం డబ్బా నింపేటప్పుడు నాకు వీడియో కాల్ చెయ్యి. ఒక్కో స్ట్రిప్పు వెనకవైపు తిప్పి కెమెరాకి చూపిస్తూ పైకి చదువు, నేను కళ్లజోడు పెట్టుకుని కూర్చుంటాను. ఈ ఉత్తరం మీ అమ్మకి చదివి వినిపించకు. అమ్మమ్మ సంగతి నేనే వచ్చి, దాని పక్కన కూర్చుని చెప్పుకుంటాను.

మీ పెద్దమ్మ