రాఖీ పాటలు: పాతవాటిలో రాఖీ ఎందుకు వినిపించదు?

రాఖీ పండుగకు పెట్టుకోవడానికి మంచి అన్నాచెల్లెళ్ళ పాటలు, పాతవీ కొత్తవీ, చెప్పగలరా?

పాత పాటల్లో రాఖీ కోసం వెతికితే నిరాశే మిగులుతుంది, ఎందుకంటే మా నెల్లూరు వైపు శ్రావణ పౌర్ణమి అంటే పెద్దలకు జంధ్యాల పౌర్ణమే. తోబుట్టువుల పండుగ కార్తీకంలో వచ్చే భగినీహస్త భోజనం. అందువల్ల ఆ కాలపు సినిమా కవులు ఈ బంధాన్ని పెళ్ళిపందిట్లోనో, ఉయ్యాల దగ్గరో చూపించారు.

నా ఎంపికలో మొదటిది 1962 నాటి ‘రక్త సంబంధం’లోని ‘చందురుని మించు అందమొలికించు’. వినడానికి అది జోలపాటే; కానీ దూరమైన అన్నా చెల్లెలూ ఎవరి ఇంట్లో వారు తమ బిడ్డను ఊపుతూ, ఒకరినొకరు తలచుకొని పాడుకుంటారు. ఘంటసాల, సుశీల గొంతుల్లో విన్నప్పుడు మా అమ్మ చేతిలోని రాఖీ పళ్ళెం పక్కన పెట్టి, పైటచెంగుతో కళ్ళు ఒత్తుకునేది.

సంతోషంగా సాగేది కావాలంటే ‘బంగారు గాజులు’లోని ‘అన్నయ్య సన్నిధి’ పెట్టుకోవచ్చు.

తరువాతి కాలంలో గద్దర్ రాసిన ‘మల్లెతీగకు పందిరి వోలె’ (‘ఒరేయ్ రిక్షా’, 1995) వేరే దారి పట్టింది. అందులో అన్న రక్షకుడినని చెప్పుకోడు, చెల్లెలి పాదం మీద పుట్టుమచ్చగా ఉంటానంటాడు. రాఖీ కట్టించుకునే చేతికి ఇంతకన్నా తగిన జవాబు, నా దృష్టిలో, మరే పాటలోనూ లేదు.