వామి లోపల రాజుకునే నిప్పు

ప్రశ్న: వానకు తడిసిన వరిగడ్డిని వామి వేసి మూడు వారాలైంది. పైన చల్లగానే ఉంది, తెల్లవారుజామున మాత్రం ఆవిరి లేస్తోంది. ఎవరూ నిప్పు పెట్టకుండా లోపల ఎలా వేడెక్కుతుంది? విప్పేయమంటారా?

జవాబు: ఇప్పుడే విప్పకండి, ముందు వేడి చూడండి.

తేమ 20 శాతం దాటిన గడ్డిలో సూక్ష్మజీవులు పెరిగి వేడి పుట్టిస్తాయి. సుమారు 70 డిగ్రీల దగ్గర అవి చచ్చిపోతాయి, కానీ కథ ఆగదు. అప్పటికి గడ్డే గాలిలోని ఆక్సిజన్‌తో నెమ్మదిగా కలుస్తూ ఇంకా వేడెక్కుతుంది. గడ్డి మంచి దుప్పటి లాంటిది, ఆ వేడిని బయటికి పోనివ్వదు. వామి వేసిన రెండు నుంచి ఆరు వారాలు అందుకే ప్రమాదకరం.

రెండు మీటర్ల ఇనుప ఊచను నడిమికి దింపి, రెండు గంటలాగి తీయండి. కొసను తాకి కాసేపు పట్టుకోగలిగితే గండం లేదు. పగలు విప్పి ఆరబెట్టండి. పట్టుకోలేకపోతే, లేదా మాడిన వాసన వస్తే 101కి ఫోన్ చేయండి. అప్పుడు విప్పితే గాలి తగిలి ఒక్కసారిగా మంట లేస్తుంది. పైకెక్కడం అసలే వద్దు, లోపల కాలి డొల్లయి ఉండవచ్చు.

తడి పత్తి కుప్పలోనూ ఇంతే. అక్కడ గింజల శ్వాస కూడా తోడవుతుంది, దూది పసుపెక్కడం తొలి గుర్తు. మిల్లు ఊక సంగతి వేరు. దానికి నిప్పు ఎక్కువగా పక్కన పోసిన వేడి బూడిద నుంచే అంటుకుంటుంది. నీళ్లు పైనుంచి జారిపోతాయి కాబట్టి అగ్నిమాపక సిబ్బంది సమక్షంలో పొరలు పొరలుగా లాగి తడపాలి.